ఒక్కోటీ 5,000 లోపే ఉన్న గిఫ్టులకి పన్ను ఎందుకు పడింది?

ప్రశ్న: 2025-26లో మా కంపెనీ నాకు జూన్‌లో పుట్టినరోజుకి 1,500 వోచర్, దీపావళికి 3,500 గిఫ్ట్ కార్డు, డిసెంబర్‌లో ఐదేళ్ల సర్వీసు పూర్తయినందుకు 4,500 విలువైన వాచీ ఇచ్చింది. ఒక్కోటీ 5,000 లోపే కదా. ఫోన్, ఇంటర్నెట్ కింద నెలకి 1,500 జీతంతో కలిపి వేస్తారు, బిల్లులు తర్వాత పోర్టల్‌లో పెట్టాలి. నవంబర్, డిసెంబర్, జనవరి బిల్లులు పెట్టలేదు. ఇవన్నీ కాకుండా ఏడాది జీతం 12,70,000. కొత్త రెజీమ్ తీసుకున్నా. జనవరి దాకా టీడీఎస్ సున్నా. ఫిబ్రవరి జీతంలో ఉన్నట్టుండి 4,680 కోశారు, మార్చిలోనూ అంతే కోస్తారట. కొత్త రెజీమ్‌లో మినహాయింపులేవీ ఉండవని హెచ్‌ఆర్ అంటున్నారు. గిఫ్టులకి 50,000 దాకా పన్నే లేదని ఫ్రెండ్ అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏది నిజం అండీ?

సమాధానం:

ముందు మీ పేరోల్ వాళ్లు ఏం చేశారో వెనక నుంచి లెక్క కట్టి చూద్దాం. కోసిన మొత్తంలోనే జవాబు ఉంది.

రెండు నెలలకి 4,680 చొప్పున అంటే 9,360. అందులో 4 శాతం సెస్ ఉంటుంది కాబట్టి 9,360ని 1.04తో భాగిస్తే అసలు పన్ను సరిగ్గా 9,000 వస్తుంది. మీ ఆదాయం 12 లక్షల గీత దగ్గర ఉంది. ఆ గీత దాటిన వాళ్లకి కొత్త రెజీమ్‌లో కొంత మేర వరకు, ఎన్ని రూపాయలు దాటితే అన్ని రూపాయలే పన్ను. కాబట్టి 9,000 పన్ను పడిందంటే మీ పన్ను ఆదాయాన్ని వాళ్లు 12,09,000గా తీసుకున్నారన్నమాట. దానికి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలిపితే 12,84,000. మీ జీతం 12,70,000. మధ్యలో తేడా 14,000. గిఫ్టులు మూడూ కలిపితే 9,500, బిల్లులు పెట్టని మూడు నెలల ఫోన్ డబ్బు 4,500. రెండూ కలిపితే 14,000. సరిగ్గా సరిపోయింది.

అంటే వాళ్లు రెండు పనులు చేశారు. గిఫ్టులు మొత్తం 5,000 దాటాయి కాబట్టి పైన ఉన్నదాన్నే కాకుండా మొత్తం 9,500నీ ఆదాయంలో కలిపారు. బిల్లు లేని నెలల ఫోన్ డబ్బుని మామూలు జీతంగా చూశారు. మొదటిదాని మీద వాదించడానికి వీలుంది. రెండోది మీ చేతిలోనే ఉంది, బిల్లులు పెడితే పోతుంది.

ఇంత చిన్న మొత్తాలకి ఇంత పన్ను ఎందుకొచ్చిందో ముందు చెప్తాను, ఎందుకంటే మీ బాధంతా అక్కడే ఉంది. 2025-26కి కొత్త రెజీమ్‌లో 12 లక్షల మీద శ్లాబుల ప్రకారం పన్ను 60,000. సెక్షన్ 87ఏ రిబేటు ఆ 60,000ని పూర్తిగా తుడిచేస్తుంది. ఒక్క రూపాయి దాటినా రిబేటు మొత్తం పోతే ఘోరం కాబట్టి, మార్జినల్ రిలీఫ్ అని పెట్టారు. 12 లక్షలు దాటిన మొత్తం కన్నా పన్ను ఎక్కువ ఉండకూడదని దాని అర్థం. మంచిదే, కానీ దాని ఫలితం చూడండి. మీకు అదనంగా వచ్చిన ప్రతి రూపాయికీ రూపాయి పన్ను, పైన నాలుగు పైసలు సెస్. 30 శాతం శ్లాబులో ఉన్న మీ మేనేజర్‌కి అదే వాచీ మీద సెస్‌తో కలిపి నూటికి 31 రూపాయల 20 పైసలు పడితే, మీకు నూటికి 104 పడుతుంది. దాదాపు 12,70,000 పన్ను ఆదాయం వచ్చేదాకా ఇదే పరిస్థితి. వేరే వాళ్లు పట్టించుకోకుండా వదిలేసే విషయాన్ని మీరు వదలకూడదని అందుకే అంటున్నా.

ఇప్పుడు గిఫ్టుల సంగతి. 1962 ఆదాయపు పన్ను నియమాల్లో 3వ నియమం, 7వ ఉపనియమం, 4వ క్లాజు దీని గురించే. యజమాని ఉద్యోగికి గానీ, అతని కుటుంబంలో ఎవరికైనా గానీ, పండగలకో వేడుకలకో మరో సందర్భంలోనో ఇచ్చే గిఫ్టు, వోచర్, టోకెన్ ఏదైనా, దాని విలువ ఎంతో అంతా పెర్క్విజిట్, అంటే జీతంతో పాటు అందే, పన్ను పడే సదుపాయం అని ముందు చెప్తుంది. ఆ తర్వాత, ఏడాది మొత్తం మీద అన్నీ కలిపి 5,000 కన్నా తక్కువైతే ఆ విలువని నిల్ అనుకోవాలి అంటుంది. 'అన్నీ కలిపి' అన్న మాట దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. లెక్క ఒక్కో గిఫ్టుకి, ఒక్కో పండక్కి, ఒక్కో నెలకి కాదు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా వచ్చినవన్నీ ఒకే సంచీలో వేసి తూస్తారు. మీ జూన్ వోచర్, దీపావళి కార్డు కలిపితేనే సరిగ్గా 5,000 అయ్యింది. వాచీ వచ్చేసరికి 9,500 అయ్యింది. మీ పిల్లల చదువు బాగుందని కంపెనీ వాళ్లకి వోచర్ ఇస్తే అది కూడా ఇదే సంచీలోకి వస్తుంది, ఇంట్లో వాళ్ల పేరు మీద ఇచ్చారు కాబట్టి వేరే అనుకోవద్దు.

నగదు మాత్రం ఈ సంచీలోకి అసలు రాదు. కవర్లో పెట్టి 2,000 ఇచ్చినా, జీతంతో పాటు 'దీపావళి గిఫ్ట్' అని వేసినా అది మొదటి రూపాయి నుంచీ జీతమే. డబ్బుగా మార్చుకోగలిగే గిఫ్ట్ చెక్కు కూడా అంతే. మీ దీపావళి కార్డు షాపుల్లో కొనుక్కోవడానికి మాత్రమే పనికొస్తే వోచర్ కింద లెక్క. ఏటీఎంలో డబ్బు తీసుకునే వీలున్న కార్డయితే, అది నగదే అని పేరోల్ వాళ్లు అన్నప్పుడు కాదనడం కష్టం. కార్డుతో పాటు వచ్చిన షరతుల కాగితం ఒకసారి చూసుకోండి.

ఇక 5,000 దాటితే మొత్తానికీ పన్నా, దాటినదానికేనా అన్న ప్రశ్న. నియమాన్ని అక్షరాలా చదివితే, '5,000 కన్నా తక్కువైతే నిల్' అనే ఉంది. తక్కువ కాకపోతే ఏమవుతుందో విడిగా చెప్పలేదు. కాబట్టి మొత్తం విలువకీ పన్ను పడుతుందని ఒక అర్థం. మీ పేరోల్ వాళ్లు పట్టుకున్నది అదే. ఆ అర్థం ప్రకారం సరిగ్గా 5,000 ఇచ్చినా గీత దాటినట్టే, ఎందుకంటే 5,000 అంటే 5,000 కన్నా తక్కువ కాదు. కొన్ని చోట్ల వోచర్ విలువ 4,999 దగ్గర ఆపడానికి కారణం ఈ ఒక్క మాటే.

రెండో అర్థానికి ఆధారం 2001 డిసెంబర్ 12న ప్రత్యక్ష పన్నుల బోర్డు సీబీడీటీ ఇచ్చిన 15వ నంబర్ సర్క్యులర్. ఏడాదికి మొత్తం 5,000 దాకా గిఫ్టులకి మినహాయింపు, దాన్ని మించినది పెర్క్విజిట్‌గా పన్నుకి వస్తుందని అందులో వివరించారు. దాని ప్రకారం మీ 9,500లో 5,000 తీసేసి 4,500కే పన్ను. నియమాల్ని 2009లో తిరగరాసినా, గిఫ్టుల దగ్గర '5,000 కన్నా తక్కువ' అన్న మాటలు అలాగే ఉన్నాయి. అందుకే ఆ సర్క్యులర్ చూపించి పైన ఉన్నదానికే పన్ను వేసే పేరోల్ టీములు చాలా ఉన్నాయి. సీఏ చదివే పిల్లలకి ఈ లెక్కని రెండు రకాలుగానూ నేర్పిస్తారు.

నా మాట అడిగితే, పైన ఉన్నదానికే పన్ను అనేది న్యాయమైన అర్థం. మినహాయింపు పరిమితి అని పేరు పెట్టి, ఒక్క రూపాయి దాటగానే వెనక్కి వెళ్లి మొత్తం లాక్కుంటే అది పరిమితి ఎలా అవుతుంది? కానీ టీడీఎస్ తక్కువ కోస్తే వడ్డీ కట్టాల్సింది కంపెనీ కాబట్టి, వాళ్లు జాగ్రత్త వైపు మొగ్గడాన్ని తప్పు అనలేను. వాళ్లని తప్పు పట్టకుండా, సర్క్యులర్ నంబరు, తేదీ రాసి మర్యాదగా మెయిల్ పెట్టండి. అంతకంటే ముందు వాచీ విలువ అడగండి.

వాచీ విలువ అని ఎందుకన్నానంటే, నేను పేరోల్‌లో పనిచేసిన ఒక కంపెనీలో సర్వీస్ అవార్డులుగా వాచీలు ఇచ్చారు. హెచ్‌ఆర్ వాళ్లు మాకు పంపిన షీట్‌లో పెట్టె మీదున్న ఎమ్మార్పీ వేశారు. మేము అదే ఎక్కించాం. ఏప్రిల్‌లో ఒకాయన వచ్చి, "ఇదే వాచీ బయట ఇంతకంటే తక్కువకి అమ్ముతున్నారు, నాకెందుకు ఈ రేటు వేశారు?" అని అడిగితే అప్పుడు అకౌంట్స్ నుంచి ఇన్వాయిస్ తెప్పించి చూశాం. ఒకేసారి బోలెడు కొన్నందుకు డిస్కౌంటు వచ్చింది, ఒక్కో వాచీకి కంపెనీ కట్టింది ఎమ్మార్పీ కన్నా బాగా తక్కువ. అప్పటికే లెక్కలు మూసేశాం, సరిచేయడానికి రెండు నెలలు పట్టింది. అప్పటి నుంచి వస్తువు రూపంలో ఇచ్చిన ప్రతి గిఫ్టుకీ ఇన్వాయిస్ లేకుండా ఎక్కించలేదు. మీ 4,500 ఎమ్మార్పీయా, కంపెనీ నిజంగా కట్టిన ధరా అని కనుక్కోండి. జీఎస్టీతో కలిపి కంపెనీకి ఎంత పడిందో అదే విలువ. మీ విషయంలో తగ్గే ప్రతి వందకీ 104 మిగులుతుంది.

హెచ్‌ఆర్ వాళ్లు చెప్పినదాంట్లో సగమే నిజం. కొత్త రెజీమ్‌లో హెచ్‌ఆర్ఏ, ఎల్‌టీఏ లాంటివి పోయిన మాట నిజం. భోజనం కూపన్లకి పూటకి 50 రూపాయల మినహాయింపు కూడా కొత్త రెజీమ్ వాళ్లకి లేదని 3వ నియమంలోనే రాశారు. కానీ గిఫ్టు క్లాజుకీ, ఫోన్ ఖర్చుల వాక్యానికీ అలాంటి అడ్డు పెట్టలేదు. ఇవి జీతంలోంచి తీసే మినహాయింపులు కావు. ఆ సదుపాయం విలువ ఎంత అనుకోవాలి అన్న లెక్క. విలువే నిల్ అయినప్పుడు ఏ రెజీమ్‌లోనైనా ఒకటే. వాళ్లు భోజనం కూపన్ల సంగతి గుర్తు పెట్టుకుని అన్నిటికీ అదే చెప్తున్నట్టున్నారు.

మీ ఫ్రెండ్ చెప్పిన 50,000 వేరే ఇంటి లెక్క. సెక్షన్ 56 కింద బంధువులు కాని వాళ్ల నుంచి వచ్చే కానుకలకి ఏడాదికి 50,000 దాకా పన్ను లేదు, అది నిజమే. కానీ యజమాని ఉద్యోగం వల్ల ఇచ్చింది 'జీతం' అనే పద్దు కింద పెర్క్విజిట్‌గా వస్తుంది, అక్కడ ఈ 50,000 పనిచేయదు. జీఎస్టీ చట్టంలో కూడా ఒక 50,000 ఉంది. యజమాని ఉద్యోగికి ఏడాదిలో అంత దాకా ఇచ్చే గిఫ్టుని సరఫరాగా చూడకూడదని. అది కంపెనీ కట్టే జీఎస్టీకి సంబంధించింది, మీ ఆదాయపు పన్నుకి కాదు. ఈ రెండు 50,000లు, ఒక 5,000 కలగలిసిపోయి ఆఫీసుల్లో ఎప్పుడూ గందరగోళమే.

ఫోన్ దగ్గరికొద్దాం. ఇక్కడ చట్టం నిజంగా ఉదారంగా ఉంది, కానీ జనం దాన్ని వాడుకోవడం లేదు. అదే 3వ నియమంలో, మిగతా సదుపాయాలన్నిటికీ విలువ కట్టే క్లాజు దగ్గర, ఉద్యోగి తరఫున యజమాని నిజంగా పెట్టిన టెలిఫోన్ ఖర్చుకి, మొబైల్‌తో సహా, ఈ క్లాజు వర్తించదని రాశారు. 5,000 అనో 10,000 అనో పరిమితి లేదు. నెలకి 1,500 అనేది మీ కంపెనీ పెట్టుకున్న పరిమితి, చట్టానిది కాదు. ఇక్కడ చూడాల్సింది 'నిజంగా పెట్టిన' అన్న మాటని. ఖర్చు అయ్యిందని చూపించే బిల్లు ఉంటే అది రీయింబర్స్‌మెంట్. బిల్లు అడగకుండా నెల నెలా ఇంత అని వేసేస్తే, దాని పేరు 'ఫోన్ రీయింబర్స్‌మెంట్' అని ఉన్నా అది అలవెన్సు, పూర్తిగా జీతం. మీ కంపెనీ ముందు డబ్బు వేసి తర్వాత బిల్లు అడుగుతోంది. బిల్లు రాని నెల ఆ 1,500 తనంతట తనే అలవెన్సుగా మారిపోయింది.

బిల్లు 1,500 కన్నా తక్కువైతే బిల్లు ఉన్నంత మేరకే. ఉదాహరణకి ఒక నెల మొబైల్ 590, నెట్ 700 అయ్యి 1,290 వస్తే, మిగిలిన 210 జీతంలో కలుస్తుంది. మీ బిల్లులు నెలకి ఎంత వస్తాయో మీరు రాయలేదు. కింద లెక్కలో ప్రతి నెలా 1,500కి తగ్గడం లేదనుకున్నాను.

ఇంటర్నెట్ గురించి ఒక మాట. ఆ వాక్యంలో 'టెలిఫోన్లు, మొబైల్‌తో సహా' అని ఉంది గానీ ఇంటర్నెట్ అన్న మాట లేదు. మొబైల్ డేటా ఫోన్ బిల్లులోనే కలిసి ఉంటుంది కాబట్టి దానికి సమస్య లేదు. ఇంటి ఫైబర్ కనెక్షన్‌తో ల్యాండ్‌లైన్ నంబరు కూడా ఇచ్చి ఒకే బిల్లు వేస్తే, అదీ టెలిఫోన్ బిల్లే అని చెప్పుకోవచ్చు. నంబరు లేని నెట్ కనెక్షన్ అయితే, ఆఫీసు పని కోసం పెట్టిన ఖర్చుని ఆఫీసు తిరిగి ఇచ్చింది అన్న ఆధారం మీద నిలబడాలి. దానికి ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులకి నెట్ ఖర్చు ఇస్తామని కంపెనీ పాలసీలో రాసి ఉండటం అవసరం. మీ పోర్టల్‌లో ఆ పాలసీ ఉంటే ఒక కాపీ దింపి పెట్టుకోండి.

బిల్లులు తిప్పి పంపే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: పేరు మీది కాకపోవడం, బిల్లు నెలకి క్లెయిమ్ నెలకి పొంతన లేకపోవడం, బిల్లుకి బదులు డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ పెట్టడం. చెల్లింపు యాప్‌లో వచ్చే 'సక్సెస్' బొమ్మ బిల్లు కాదు. ప్రీపెయిడ్ వాడే వాళ్లు ఫోన్ కంపెనీ యాప్‌లోకి వెళ్లి రీఛార్జ్ ఇన్వాయిస్ దింపుకోవాలి. అందులో నంబరు, తేదీ, పన్ను విడిగా కనిపిస్తాయి. నెట్ కనెక్షన్ నాన్నగారి పేరు మీదో భార్య పేరు మీదో ఉంటే కొన్ని కంపెనీలు ఒప్పుకోవు. ఇంటిల్లిపాదికీ కలిపి ఫ్యామిలీ పోస్ట్‌పెయిడ్ ప్లాన్ ఉంటే, మీ నంబరుకి పడిన భాగం మాత్రమే పెట్టడం సరైన పద్ధతి. కొత్త ఫోన్ కొన్న ఇన్వాయిస్, దాని ఈఎమ్ఐ ఇందులో పెట్టకండి, అది వాడకం ఖర్చు కాదు, వస్తువు కొనుగోలు.

ఇప్పుడు మీ అంకెలతోనే మొత్తం లెక్క చూద్దాం. ఇప్పుడున్న స్థితి ఇది:

జీతం 12,70,000
బిల్లు లేని మూడు నెలలు 4,500
గిఫ్టులు మొత్తం 9,500
కలిపి 12,84,000
స్టాండర్డ్ డిడక్షన్ పోను 12,09,000

శ్లాబుల ప్రకారం 60,000 మీద, దాటిన 9,000కి 15 శాతం కలిపి 61,350 అవ్వాలి. మార్జినల్ రిలీఫ్ వల్ల 9,000కి ఆగుతుంది. సెస్ 360. మొత్తం 9,360. మీకు కోస్తున్నది ఇదే.

గిఫ్టుల సంగతి కదపకుండా మూడు నెలల బిల్లులు మాత్రం పెట్టారనుకోండి. 4,500 పోయి 12,79,500 అవుతుంది. డిడక్షన్ పోను 12,04,500. పన్ను 4,500, సెస్ 180, మొత్తం 4,680. ఇది ఫిబ్రవరిలో మీకు కోసేసిన మొత్తమే. అంటే ఒక్క బిల్లుల పని పూర్తి చేస్తే మార్చి జీతంలో రూపాయి కూడా కోయక్కర్లేదు.

బిల్లులు పెట్టి, గిఫ్టుల్లో 5,000 పైన ఉన్న 4,500కే పన్ను అని కంపెనీ కూడా ఒప్పుకుందనుకోండి. 12,70,000కి 4,500 కలిపితే 12,74,500. డిడక్షన్ పోను 11,99,500. గీత లోపలికి వచ్చేశారు. 87ఏ రిబేటుతో పన్ను సున్నా. ఫిబ్రవరిలో కోసిన 4,680 రిటర్న్ వేశాక రీఫండ్‌గా వస్తుంది.

గిఫ్టుల మాట గెలిచి బిల్లులు మాత్రం పెట్టకపోతే ఆదాయం 12,04,000, పన్ను సెస్‌తో 4,160. బిల్లులు పెట్టడం ఎంత ముఖ్యమో దీన్ని బట్టి తెలుస్తుంది. సర్క్యులర్ మీద వాదన ఎటు తేలుతుందో చెప్పలేం, బిల్లులు మాత్రం ఈ సాయంత్రం కూర్చుని దింపి అప్‌లోడ్ చేస్తే అయిపోతుంది.

చాలా కంపెనీలు మార్చి జీతం లెక్క మొదలుపెట్టే ముందే బిల్లుల పోర్టల్ మూసేస్తాయి. మీ కంపెనీ ఆఖరి తేదీ ఏదో ఇవాళే కనుక్కోండి. మార్చి నెల బిల్లు ఏప్రిల్‌లో వస్తుంది కాబట్టి దాని సంగతి ఏం చేస్తారో కూడా అడగండి, లేకపోతే ఆ 1,500 కూడా ఇలాగే జీతంలో కలిసిపోతుంది. మూసేశాక ఏం చేయాలి అంటే, దారి ఇరుకే. బిల్లు ఇవ్వని 4,500 ఫారం 16లో మామూలు జీతంగా ఎక్కుతుంది. తర్వాత మీరు ఐటీఆర్‌లో ఆ జీతాన్ని తగ్గించి చూపిస్తే కంపెనీ చెప్పిన అంకెతో తేడా వస్తుంది, శాఖ ప్రశ్నిస్తుంది. అక్కడ బిల్లులు చూపించినా, యజమాని ఆ ఖర్చుని ఒప్పుకోలేదు కదా అన్న మాట మిగిలిపోతుంది.

గిఫ్టుల విషయం కొంచెం వేరు. అవి ఫారం 12బీఏలో 'గిఫ్టులు, వోచర్లు' అన్న వరుసలో విడిగా కనిపిస్తాయి. ఆ మొత్తమే ఫారం 16 పార్ట్ బీలో సెక్షన్ 17(2) కింద పెర్క్విజిట్‌ల అంకెలోకి వస్తుంది. కంపెనీ మే 31 లోగా ఆఖరి త్రైమాసికం టీడీఎస్ రిటర్న్ వేసి, జూన్ 15 లోగా ఫారం 16 ఇవ్వాలి. కాబట్టి మార్చిలో కుదరకపోయినా, మే నెల మధ్య దాకా 12బీఏలో అంకె మార్చమని అడిగే వీలుంది. అప్పుడు మార్చడం వాళ్లకి తేలిక. రిటర్న్ వేశాక అయితే రివైజ్ చేయాలి, ఎవరూ ఉత్సాహం చూపించరు.

వాళ్లు ససేమిరా అని 9,500 అలాగే చూపిస్తే, ఐటీఆర్‌లో 4,500 వేసుకుని 2001 సర్క్యులర్ మీద నిలబడవచ్చు. ఫారం 16తో తేడా ఉంది కాబట్టి శాఖ నుంచి ప్రశ్న రావచ్చు. అది వస్తే గడువులోగా జవాబు పెట్టాలి. వోచర్ల మెయిల్స్, వాచీ ఇన్వాయిస్ కాపీ, 12బీఏ, సర్క్యులర్ దగ్గర పెట్టుకున్న మనిషైతేనే ఆ దారిలో వెళ్లమంటాను. 30 శాతం శ్లాబు వాళ్లకి ఈ రెండు అర్థాల మధ్య తేడా 1,560 మాత్రమే, వాళ్లకైతే వదిలేయమంటాను. మీకు 4,680, ఆలోచించాల్సిన మొత్తమే.

ఇదంతా 2025-26కి, 1961 చట్టం కింద. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం, దాని కింద కొత్త నియమాలు వర్తిస్తాయి. కాబట్టి ఆ తేదీ తర్వాత అందుకునే గిఫ్టులకి ఈ 5,000 పెట్టి లెక్క వేయకండి, కొత్త నియమాల్లో ఉన్న పరిమితి చూడండి.

చివరగా మీరు రాయని ఒక విషయం. సున్నా పన్ను వచ్చిన లెక్కలో మీకు మిగిలిన జాగా 500 రూపాయలే. బ్యాంకు వడ్డీ కూడా ఆ 12 లక్షల్లోనే కలుస్తుంది, కొత్త రెజీమ్‌లో సేవింగ్స్ వడ్డీకి 80టీటీఏ తగ్గింపు లేదు. ఏడాదికి 3,000 వడ్డీ వచ్చినా ఆదాయం 12,02,500 అయ్యి 2,600 పన్ను పడుతుంది. కంపెనీ మీ తరఫున ఎన్‌పీఎస్‌లో వేసే వాటా ఉంటే అది కొత్త రెజీమ్‌లోనూ ఆదాయంలోంచి తగ్గుతుంది, ఉందో లేదో పేస్లిప్‌లో చూడండి. పాస్‌బుక్‌లో వడ్డీ ఎంత పడిందో, నెలకి మీ ఫోన్, నెట్ బిల్లులు విడివిడిగా ఎంతో, వాచీ ఇన్వాయిస్ ధర ఎంత తేలిందో ఇక్కడ రాయండి, అంకె వేసి చూసి చెప్తాను.